చుడీదార్ ప్యాంటు: అదనపు పొడవు చీలమండ దగ్గరే మడతలు పడాలంటే డ్రాఫ్ట్ ఎలా వేయాలి

ప్రశ్న: కాటన్ గుడ్డతో చుడీదార్ ప్యాంటు కుట్టుకున్నాను. పొడవు 38 అంగుళాలు, సీటు 40, తొడ 23, మోకాలు 15, పిక్క 14, చీలమండ 9. చీలమండ వరకు మామూలుగా డ్రాఫ్ట్ వేసి, కింద 9½ వెడల్పుతోనే ఇంకో 6 అంగుళాలు నేరుగా పెంచాను. మడమ దాటించడమే కష్టంగా ఉంది. మడతలు కింద సరిగా పడకుండా గుడ్డంతా మోకాలి కింద ఉబ్బుతోంది. తప్పెక్కడుంది? కొలతల నుంచి ఎలా గీయాలో చెప్పగలరా?

జవాబు:

6 అంగుళాలు పెంచడం సరైనదేనండీ. వాటిని పెట్టిన చోటు, ఇచ్చిన వెడల్పు తేడా కొట్టాయి. చుడీదార్‌లో అదనపు పొడవు చీలమండ కింద వేలాడే గుడ్డ కాదు. వేసుకున్నాక అది పైకి జరిగి, పిక్క కండ అయిపోయే చోటు నుంచి చీలమండ దాకా ఉన్న భాగంలో మడతలుగా సర్దుకోవాలి. మీ కాలి మీద ఆ భాగం ఎత్తు దాదాపు 7 అంగుళాలు ఉంటుంది. అంటే 7 అంగుళాల కాలి మీద 13 అంగుళాల గుడ్డ కూర్చోవాలి.

మీ డ్రాఫ్ట్‌లో చీలమండ గీత దగ్గర వెడల్పు 9½ ఉంది. వేసుకున్నప్పుడు గుడ్డ మీద ఉన్న ఆ గీత చీలమండ దగ్గర ఉండదు, అక్కడికి మూడు అంగుళాలకు పైన ఉంటుంది. అక్కడ కాలి చుట్టుకొలత పదిన్నర దాకా వస్తుంది. పదిన్నర కాలి మీద తొమ్మిదిన్నర గొట్టం బిగుసుకుపోతుంది. బిగిసిన గుడ్డ మడత పడదు. మడత పడటానికి చోటు దొరక్క మిగతా పొడవంతా వదులుగా ఉన్న చోటికి, అంటే మోకాలి కిందికి పోయి ఉబ్బుతుంది. మడమ దాటకపోవడానికీ ఆ సన్నని గొట్టమే కారణం.

కాబట్టి చీలమండ వెడల్పును కిందికి సాగదీయకండి. పిక్క కింద నుంచి చీలమండ వరకు కాలు 7 అంగుళాల్లో ఎలా సన్నబడుతుందో, గుడ్డ 13 అంగుళాల్లో అలా నిదానంగా సన్నబడాలి. చివరి గీత దగ్గర మాత్రమే చీలమండ కొలత రావాలి. ఇది పట్టుకుంటే మిగిలిన డ్రాఫ్ట్ చాలా మామూలుది.

ముందు మరో ఐదు కొలతలు కావాలి. మీరిచ్చిన వాటితో చుట్టుకొలతలు తెలుస్తాయి కానీ అవి ఏ ఎత్తులో వస్తాయో తెలియదు. నడుము దగ్గర ఒక తాడు కట్టుకుని అక్కడ నుంచి మోకాలి మధ్యకు, పిక్క బాగా లావుగా ఉన్న చోటికి, పిక్క అయిపోయే చోటికి పొడవులు తీసుకోండి. పిక్క అయిపోయే చోట చుట్టుకొలత కూడా తీయండి. చివరగా మడమ చుట్టు: వేళ్లు కిందికి చాచి, టేపును మడమ వెనక నుంచి పాదం మీది ఎత్తు మీదుగా చుట్టి చూడండి. ప్యాంటు కాలు దాటాల్సిన అతి పెద్ద కొలత ఇదే. దీన్ని తీయకుండా చుడీదార్ గీయకూడదు.

మీ పొడవుకు ఇవి సుమారు ఇలా ఉంటాయనుకుని లెక్క చూపిస్తాను, మీ అసలు కొలతలు వేసుకోండి. మోకాలు 23, పిక్క 28, పిక్క చివర 31, అక్కడ చుట్టు 12½, మడమ చుట్టు 12½. మోకాలి చుట్టు నిలబడి తీస్తే 15 వచ్చింది కదా, కుర్చీలో కూర్చుని కాలు మడిచి మళ్లీ తీయండి. 16 దాకా వస్తుంది. డ్రాఫ్ట్‌కు ఆ 16నే తీసుకోవాలి, లేకపోతే కింద కూర్చున్నప్పుడు మోకాలి దగ్గర కుట్టు తెగుతుంది.

సీటు లోతుకు గట్టి కుర్చీ మీద కూర్చుని, పక్క వైపు నడుము నుంచి కుర్చీ దాకా కొలవండి. 11 వస్తే దానికి 2 కలిపి 13. సీటును నాలుగుతో భాగించి 3 కలిపినా మీకు 13 వస్తుంది. రెండు లెక్కల మధ్య అంగుళానికి మించి తేడా వస్తే కూర్చుని తీసిన కొలతనే నమ్మండి.

ఇక కాలి ముక్క. పై భాగం విడిగా బెల్ట్‌గా వస్తుంది. కుట్టాక అది 7 అంగుళాలు ఉంటుందనుకుందాం. టాప్ కింద దాగిపోతుంది కాబట్టి అందం గురించి బెంగ లేదు, పైగా క్రాస్ మీద, అంటే పోగులకు ఏటవాలుగా, కత్తిరించే గుడ్డ పొడవు తగ్గి బాగా కలిసొస్తుంది. మొత్తం 38లో 7 తీసేస్తే కాలి ముక్క 31. దానికి చూడీల కోసం, అంటే చీలమండ దగ్గర పడే ఆ మడతల కోసం, 6 కలిపితే 37. ఇకపై చెప్పే పొడవులన్నీ కాలి ముక్క పై అంచు నుంచి కొలిచినవి.

న్యూస్‌పేపర్లు అతికించి నిలువుగా మడవండి. మడత వైపు కాలి బయటి పక్క. చుడీదార్‌కు బయట కుట్టు ఉండదు, లోపలి వైపు ఒక్క కుట్టే. ముందు, వెనక ఒకే కొలత. మడత మీద పై నుంచి ఈ గుర్తులు పెట్టి, ఒక్కో దగ్గర అడ్డంగా సగం వెడల్పు కొలవండి:

పై అంచు: సీటు 40కి 6 వదులు కలిపి 46. రెండు కాళ్లకు 23 చొప్పున, మడత మీద 11½.
6 అంగుళాల దగ్గర (సీటు లోతు 13లో బెల్ట్ 7 పోగా): 13½. విప్పితే 27, అంటే తొడ 23కి 4 వదులు.
16 దగ్గర మోకాలు: 8¾. మడిచిన మోకాలు 16కి ఒకటిన్నర వదులు.
21 దగ్గర పిక్క: 7½. పిక్క 14కి ఒక అంగుళం వదులు.
24 దగ్గర పిక్క చివర, చూడీలు మొదలయ్యే గీత: 6¾. కాలి 12½ మీద ఒక అంగుళం వదులు.
37 దగ్గర అడుగు: 5. చీలమండ 9కి ఒక అంగుళం వదులు.

ఈ పట్టికలో 31 అనే గుర్తే లేదు చూశారా. చీలమండ అసలు ఎత్తు అది, కానీ డ్రాఫ్ట్‌లో దానికి పనిలేదు. 24 నుంచి 37 వరకు ఒకే నేరు గీత. ఆ గీత మధ్యలో విప్పిన వెడల్పు 11¾ వస్తుంది. వేసుకున్నాక ఆ చోటు చీలమండకు మూడున్నర అంగుళాల పైన, అంటే కాలు దాదాపు 10¾ ఉన్న చోట కూర్చుంటుంది. అంగుళం వదులు మిగిలింది. మడత పడాలంటే ఆ వదులు ఉండాల్సిందే. అంతకు మించి ఇస్తే మడతలు గుండ్రంగా రాకుండా సంచిలా వేలాడతాయి.

మోకాలు, పిక్క గుర్తులు ఎప్పుడూ ఒంటి కొలతతోనే రావాలి. మొత్తం పొడవు 44 అనుకుని అందులో సగం మోకాలు, ముప్పావు పిక్క అని పంచితే ప్రతి గుర్తూ దాని చోటు నుంచి జారిపోతుంది. అదనపు 6 అంగుళాలు 24 గీతకు కిందే ఉండాలి, పైన ఒక్క అంగుళం కూడా కలవకూడదు.

సీటు దగ్గర 11½ నుంచి 13½కి లోపలికి వంపుగా గీయండి. పై నాలుగు అంగుళాలు దాదాపు నిటారుగా దిగి, చివరి రెండు అంగుళాల్లో వంపు తిరగాలి. 13½ నుంచి మోకాలికి నేరుగా కాకుండా మధ్యలో పావు అంగుళం లోపలికి తీసిన గీత. మోకాలి నుంచి పిక్క దాకా మూలలు కనపడకుండా కలపండి. మార్జిన్ లోపలి కుట్టు వైపు ముప్పావు అంగుళం, పైన అర, అడుగున మడతకు ఒక అంగుళం. మొత్తం ముక్క పొడవు 38½ అవుతుంది. ముప్పావు మార్జిన్ ఎక్కువనిపిస్తుంది కానీ క్రాస్ గుడ్డ వేలాడితే పొడవు సాగి వెడల్పు తగ్గుతుంది, ఆ తేడాను ఈ మార్జినే మింగుతుంది.

ఇప్పుడు అడుగు, మడమ సంగతి. క్రాస్‌లో కత్తిరించిన కాటన్ సాగుతుంది కానీ లోపలి కుట్టు పడ్డాక అనుకున్నంత సాగదు. మడమ చుట్టు కొలతలో ఎనిమిదో వంతు తగ్గించి, అంతకన్నా సన్నగా ఉన్న గొట్టంలోంచి మడమను లాగాలని చూడకండి. మీకు 12½లో ఎనిమిదో వంతు తీస్తే దాదాపు 11. మన డ్రాఫ్ట్‌లో అడుగు 10, కాబట్టి అడుగు నుంచి కొంత చీలిక తప్పదు. ఎంత? అడుగు నుంచి 4 అంగుళాలు పైకి వెళ్తే, అంటే 33 గీత దగ్గర, విప్పిన వెడల్పు 11 దాటుతుంది. కాబట్టి లోపలి కుట్టులో అడుగున 4 అంగుళాలు తెరిచి వదిలి, రెండు హుక్కులో ప్రెస్ బటన్లో పెట్టండి. హుక్కు వేశాక 10 అంగుళాల అడుగు 12½ మడమ మీదుగా కిందికి జారదు. చూడీలన్నీ ఆ అడుగు మీదే నిలబడతాయి కాబట్టి దాని బిగువులో రాజీ పడకూడదు.

చీలిక వద్దనుకుంటే అడుగు కనీసం 11½ పెట్టాలి. వేసుకోవడం తేలిక, కానీ 9 అంగుళాల చీలమండ మీద రెండున్నర వదులు ఉండటంతో నడుస్తుంటే అడుగు జారి పాదం మీదికి వస్తుంది. మడతలు కొన్ని విప్పుకుపోతాయి. రోజువారీ ప్యాంటుకు సరే, మడతలు గాజుల వరసలా కనిపించాలంటే చీలికే మేలు.

అదనపు పొడవు 6 కాకుండా వేరే పెట్టొచ్చా అంటే, గుడ్డ మందాన్ని బట్టి మార్చుకోవచ్చు. కాస్త మందమైన కాటన్‌కు 4 చాలు, అంతకు మించితే మడతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కాలు లావుగా కనిపిస్తుంది. కేంబ్రిక్ లాంటి మామూలు గుడ్డకు 6. పల్చని వాయిల్, పట్టు లాంటి వాటికి 8 దాకా. 4 కంటే మాత్రం తగ్గించకండి. కూర్చుని మోకాలు మడిచినప్పుడు రెండు అంగుళాల దాకా పొడవు అక్కడే ఖర్చవుతుంది, 3 పెడితే కూర్చోగానే చూడీలు మాయమవుతాయి. పొడవు మార్చినప్పుడు 24 గీత పైన ఏదీ ముట్టుకోకుండా 37ను మాత్రమే 35కో 39కో జరిపి, గీతను మళ్లీ నేరుగా కలపండి. చీలిక ఎత్తును కూడా 11 వెడల్పు ఎక్కడ వస్తుందో చూసి తిరిగి గుర్తు పెట్టాలి.

గుడ్డ మీద పెట్టడం. కాటన్‌ను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయకుండా కత్తెర పెట్టకండి, కుంచించుకుపోతే మొదట తగ్గేది ఆ 6 అంగుళాలే. 44 పన్నా గుడ్డ రెండున్నర మీటర్లు చాలు. ముందు ఒక చివర 9 అంగుళాల అడ్డ పట్టీ బెల్ట్ కోసం తీసేయండి. మిగిలిన దాన్ని మంచి వైపు లోపలికి వచ్చేలా అడ్డంగా, పొడవు సగమయ్యేలా మడవండి. రెండు పొరల మీద ఒక మూల నుంచి 40 అంగుళాల నలుచదరం గీసి, మూల నుంచి ఎదురు మూలకు గీత కొట్టండి. అదే సరైన క్రాస్. పేపరు విప్పి, దాని మడత గీతను ఈ గీత మీద పెట్టి, పై అంచు మధ్య భాగం మూల నుంచి 12¼ అంగుళాల లోపల ఉండేలా జరపండి. మొత్తం కాలి ముక్క ఆ నలుచదరంలో సరిగ్గా పడుతుంది. 36 పన్నా గుడ్డ అయితే పై మూల కొంచెం బయటికి పోతుంది. అక్కడ చిన్న ముక్క అతికించుకోండి, టాప్ కింద కనపడదు. అడుగు వైపు మాత్రం అతుకు వద్దు.

రెండు పొరలు కలిపి కత్తిరించడానికి కారణం ఉంది. రెండు కాళ్లకు క్రాస్ ఎదురెదురు దిశల్లో పడాలి. గుడ్డ విప్పి ఒకే దిశలో రెండు కాళ్లు తీస్తే, ఒక కాలి కుట్టు వెనక్కి తిరిగితే రెండోది ముందుకు తిరుగుతుంది. పూలో కొమ్మలో ఒకే వైపు చూసే ప్రింట్ అయితే మడత దగ్గర కోసి, పై పొరను మంచి వైపు కిందికే ఉంచి తల కిందులుగా తిప్పి పరవండి. అప్పుడు ప్రింట్ రెండు కాళ్లకూ ఒకే వైపు చూస్తుంది, క్రాస్ ఎదురెదురుగానే ఉంటుంది.

కత్తిరించిన కాళ్లను పై అంచున క్లిప్పులు పెట్టి ఒక రాత్రి వేలాడదీయండి. పొద్దున పేపరు మళ్లీ మీద పెట్టి, సాగిన పొడవును అడుగున కోసి, కుట్టు గీతలు కొత్తగా గీయండి. ఈ పని మానేస్తే కుట్టిన ప్యాంటే రెండు మూడు వాడకాల్లో సాగుతుంది. అప్పుడు మోకాలి గుర్తు కిందికి జారి మళ్లీ మీ పాత సమస్యే వస్తుంది.

కుట్టేటప్పుడు ముందు చీలిక అంచులకు, అడుగు మడతకు లోపల నిలువు పోగున తీసిన సన్న పట్టీ వేయండి. క్రాస్ అంచును ఉత్తగా మడిచి కుడితే అది అలలు తేలి, 10 అంగుళాల అడుగు కాస్తా 11 అవుతుంది. తర్వాత లోపలి కుట్టు, చీలిక పై కొస దగ్గర రెండు మూడు సార్లు వెనక్కి ముందుకి కుట్టి గట్టి చేయాలి. మెషిన్ మీద దారం బిగువు కాస్త తగ్గించి, కుట్టు చిన్నది పెట్టి, గుడ్డను రెండు చేతులతో స్వల్పంగా సాగదీసి పట్టుకుని కుట్టండి. సాగే గుడ్డ మీద సాగని కుట్టు పడితే పిక్క దగ్గర కూర్చున్నప్పుడల్లా దారం తెగుతుంది. లోపలి కుట్టును ఒకసారి కచ్చాగా వేసి తొడిగి చూశాకే రెండో కుట్టు, మార్జిన్ కోత.

బెల్ట్ ముక్కలు రెండు, ఒక్కోటి 24 వెడల్పు, 9 ఎత్తు. 9లో ఒకటిన్నర బొందు గొట్టానికి, అర అంగుళం కింద కుట్టుకు. 44 పన్నాలో 48 రాదు కాబట్టి మిగిలిన ముక్కల్లోంచి ఒక చిన్న జోడు పెట్టుకోవాల్సి వస్తుంది. ముందు మధ్య కుట్టులో పైన బొందు కోసం చీలిక వదలండి. రెండు కాళ్లను సీటు వంపు వెంట కలిపితే పై చుట్టు 46 వస్తుంది, బెల్ట్ కింది చుట్టూ 46 కాబట్టి కుచ్చులు లేకుండా సాఫీగా అతుకుతుంది. బెల్ట్ క్రాస్‌లో తీయకండి, నిలువు పోగే.

కచ్చా కుట్టుతో తొడిగినప్పుడు హుక్కులు పెట్టి, చేత్తో గుడ్డను మోకాలి నుంచి కిందికి దువ్వండి. గుడ్డ పిక్క దగ్గర ఆగి కిందికి రాకపోతే పిక్క బిగువు, 21 దగ్గర మార్జిన్‌లోంచి పావు వదలండి. కిందికి వచ్చి, రెండడుగులు వేయగానే మళ్లీ మోకాలి కిందికి చేరితే చూడీల భాగం సన్నం, అంటే 24కీ 37కీ మధ్య గీత లోపలికి వంగిందన్నమాట. మోకాలి వెనక ఏటవాలుగా లాగిన గీతలు పడితే మోకాలు బిగువు. మడతలు కాలి చుట్టూ కాకుండా ఒక పక్కకే పోగవుతుంటే క్రాస్ సరిగా 45 డిగ్రీలు పడలేదు, దాన్ని కుట్టులో సరిచేయలేం. అన్నీ బాగుండి మడతలు చీలమండ మీద కుప్పపడితే అడుగు వదులు, హుక్కును పావు అంగుళం లోపలికి జరపండి.

ఇప్పుడు కుట్టేసిన ప్యాంటును కాపాడాలంటే ఒక మార్గం ఉంది. లోపలి కుట్టు విప్పి, మార్జిన్ ఎంత మిగిలిందో చూడండి. కాలికి రెండు వైపులా అర అంగుళం దొరికితే చీలమండ గీత దగ్గర వెడల్పు పదిన్నర అవుతుంది, అక్కడ నుంచి అడుగు 10కి నేరుగా కలిపి 5 అంగుళాల చీలిక పెట్టండి. అప్పుడు కూడా బిగువుగానే ఉంటుంది కాబట్టి అడుగున రెండు అంగుళాలు ముందే కోసేసి చూడీలకు 4 మాత్రమే ఉంచితే సర్దుకుంటుంది. మార్జిన్ కోసేసి ఉంటే దాన్ని వదిలేసి, కాలి ముక్కలు కొత్త గుడ్డతో తీసి, పాత బెల్ట్‌నే విప్పి వాడుకోవచ్చు.

లైక్రా లాంటి సాగే అల్లిక గుడ్డకు ఈ లెక్కలు వర్తించవు. దాన్ని నిలువుగానే కత్తిరిస్తారు, వదులు కలపరు, చీలికా అక్కర్లేదు. 24 కింద గీత నిదానంగా సన్నబడాలన్న సంగతి మాత్రం అక్కడా అంతే.